తల భంగిమకు సరిపోయే ఫ్రేమ్: మూడు కోణాల తేడాలా, ఒకే భ్రమణ కోణమా?

ఒక క్లిప్‌లోని ముఖాన్ని మరో వీడియోలోని ముఖానికి జత చేయడానికి ఫ్రేమ్‌ను ఎంచుకునేటప్పుడు తల పక్కకు తిరిగే యా, పైకీ కిందికీ వంగే పిచ్, భుజం వైపు ఒరిగే రోల్ కోణాల తేడాలను విడివిడిగా కొలిచి కూడవచ్చు, లేదా రెండు భంగిమల మధ్య ఉన్న ఒకే భ్రమణ కోణాన్ని చూడవచ్చు.

లక్ష్య వీడియోలోని ముఖానికి యా 20, పిచ్ -5, రోల్ 0 డిగ్రీలు అనుకుందాం. మొదటి ఫ్రేమ్‌లో అవి 18, -4, 12. రెండవదానిలో 8, -5, 1. భ్రమణ కోణం రెండింటికీ దాదాపు 12 డిగ్రీలే కనుక అది ఎటూ తేల్చదు. అయితే రోల్ చిత్రతలంలోనే జరిగే వంపు కాబట్టి, కళ్లను కలిపే గీత ఆధారంగా చిత్రాన్ని తిప్పితే సరిపోతుంది; యాలో తేడా వస్తే మాత్రం దూరపు చెంప, చెవి కనుమరుగవుతాయి, వాటిని ఏ తిప్పుడూ తిరిగి తేలేదు. రోల్‌కు 0.2, మిగతావాటికి 1 చొప్పున బరువు ఇస్తే మొత్తాలు 5.4, 12.2 అవుతాయి, మొదటి ఫ్రేమ్ స్పష్టంగా గెలుస్తుంది. సాధారణ సంభాషణ దృశ్యాలకు నేను ఈ పద్ధతినే ఎంచుకుంటాను.

ముఖం పూర్తిగా పక్కకు, అంటే యా 90 డిగ్రీల దరికి, తిరిగినప్పుడు మాత్రం సాధారణంగా వాడే కోణాల క్రమంలో పిచ్, రోల్ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. తల కదలకపోయినా వరుస ఫ్రేములలో ఆ రెండు అంకెలూ కలిసి ఎగిరిపడుతుంటే అదే గుర్తు; అక్కడ భ్రమణ కోణమే నమ్మదగినది.