ఆల్ వీల్ డ్రైవ్‌కి రెండు టైర్లు చాలా, నాలుగూ మార్చాలా? ఔట్‌బ్యాక్‌తో రెండేళ్ల అనుభవం

డెట్రాయిట్ దగ్గర ఉంటాం. ఇక్కడ మంచు కరిగే రోజుల్లో రోడ్ల మీద గుంతలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి ఒక గుంతలో మా సుబారు ఔట్‌బ్యాక్ కుడివైపు ముందు టైరు, దాని వెనకే వెనక టైరు పడి రెండిటికీ పక్కగోడ ఉబ్బిపోయింది. పక్కగోడ ఉబ్బితే ప్యాచ్ లేదు, మార్చాల్సిందే. మిగతా రెండూ బాగానే ఉన్నాయి. ఒక షాపువాడు రెండు చాలు, కొత్తవి వెనక వేస్తానన్నాడు. ఇంకో చోట నాలుగూ మార్చకపోతే గేర్‌బాక్స్ పోతుందని భయపెట్టారు.

ఇద్దరూ గాడి లోతు కొలిచే గేజ్ పెట్టి చూడలేదు, అసలు సంగతి అది. కొత్త టైరుకి గాడి లోతు దాదాపు 8 మి.మీ. (ఇక్కడివాళ్ల లెక్కలో 10/32 అంగుళం), నా పాతవాటికి ఐదున్నర ఉంది. సుబారు పెట్టిన హద్దు లోతు మీద కాదు, చుట్టుకొలత మీద: నాలుగు టైర్ల మధ్య తేడా పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. దాటకూడదు. గాడి 1 మి.మీ. అరిగితే చుట్టుకొలత 6 మి.మీ. పైనే తగ్గుతుంది కాబట్టి ఈ కారు ఓర్చుకునేది ఇంచుమించు 1 మి.మీ. అరుగుదల తేడా మాత్రమే. నాది రెండున్నర, అంటే చుట్టుకొలతలో దాదాపు 16 మి.మీ. తేడా. నా 225/60R18 టైరు కిలోమీటరుకి దాదాపు 438 సార్లు తిరుగుతుంది. ఈ తేడాతో అరిగిన టైరు కొత్తదానికంటే కిలోమీటరుకి దాదాపు మూడు చుట్లు ఎక్కువ తిరగాలి. వినడానికి చిన్నదే, కానీ హైవే మీద గంటలకొద్దీ ఆగకుండా జరుగుతుంది.

ఆ మూడు చుట్లు ఎక్కడికి పోతాయి? కొత్తవి రెండూ వెనక వేస్తే ముందు, వెనక ఇరుసుల వేగం ఒకటి కాదు. సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఔట్‌బ్యాక్‌లో ఆ రెండిటినీ కలిపేది గేర్‌బాక్స్ వెనక భాగంలో ఉన్న క్లచ్ ప్లేట్ల గుత్తి. తేడా అంతా ఆ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారుతూ భరించాలి. పైగా ముందు చక్రాలు ఎక్కువ తిరుగుతుంటే, కారు కంప్యూటర్‌కి అవి జారుతున్నట్టే కనిపించొచ్చు, అప్పుడు క్లచ్‌ని ఇంకా బిగిస్తుంది. వేడికి ఆయిల్ ముందు పాడవుతుంది, తర్వాత ప్లేట్లు. కుడివైపు రెండూ అలాగే కొత్తవి వేసేస్తే ముందు, వెనక ఇరుసుల సగటు సమానమై క్లచ్‌కి పని ఉండదు కదా అని నాకూ తట్టింది. కానీ అప్పుడు ఎడమ, కుడి చక్రాలని వేరువేరు వేగాలతో తిరగనిచ్చే రెండు డిఫరెన్షియళ్లూ రోజంతా మలుపు తిరుగుతున్నట్టే పనిచేయాలి, కారు కూడా ఒక పక్కకి లాగొచ్చు. కాబట్టి వద్దనుకున్నాను.

చివరికి చేసింది ఏమిటంటే, అదే కంపెనీ అదే మోడల్ టైర్లు రెండు కొని, ట్రెడ్ చెక్కించి ఐదున్నరకి దించాను. టైర్ ర్యాక్ లాంటి ఆన్‌లైన్ దుకాణాలు ఈ పని చేసి పంపుతాయి. కొత్త టైరుని డబ్బిచ్చి చెక్కించడమా అని మా ఆవిడ అడిగింది, నిజమే, మనసొప్పదు. కానీ చెక్కించిన ఖర్చుతో కలిపి రెండిటికీ 450 డాలర్ల లోపే అయింది. నాలుగూ అయితే బిగింపు లేకుండానే 760.

రెండేళ్లయింది. 6,000 మైళ్లకోసారి టైర్ల స్థానాలు మార్పిస్తున్నాను, ప్రతిసారీ గేజ్ పెడుతున్నాను. నాలుగిటి మధ్య తేడా అర మి.మీ. దాటలేదు. మోడల్ ఒకటే కావడం ఇందులో చాలా ముఖ్యం, ఎందుకంటే పక్కగోడ మీద ఒకే సైజు రాసి ఉన్నా కంపెనీ మారితే అసలు చుట్టుకొలతే మారొచ్చు, అప్పుడు ఈ చెక్కుడంతా దండగ.

తెలిసినవాళ్ల పాత ఫారెస్టర్‌లో కొత్తవి రెండు, బాగా అరిగినవి రెండు కలిపి నడిపారు. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే కారు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుని, ఎగిరెగిరి కదిలేది. టైర్లు సరిచేశాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మీ కారులో అనుమానం ఉంటే చూడాల్సింది అక్కడే, పొడి కాంక్రీటు మీద, ఇంజన్ బాగా వేడెక్కాక.

నా టైర్లు 4 మి.మీ.కి వచ్చి ఉంటే మాత్రం ఈ తంటా పడేవాడిని కాదు. కొత్త టైరుని అంత లోతుకి చెక్కిస్తే సగం ట్రెడ్ పారేసినట్టే, పైగా వాన నీటిలో ఆ మిగిలిన లోతు చాలదు. అలాంటప్పుడు నాలుగూ కొనేయాలి. ఆడి లాంటి కొన్ని కార్లు 3 మి.మీ. దాకా తేడాని ఓర్చుకుంటాయి, అవైతే నా పరిస్థితిలో రెండు కొత్తవి చెక్కించకుండానే వేసుకోవచ్చు. అందుకే షాపువాడి మాట వినే ముందు మీ కారు మాన్యువల్లో టైర్ల పేజీ తెరవండి, గేజ్ కొన్ని డాలర్లకే దొరుకుతుంది.