తెలుగు వెబినార్‌ని ఇంగ్లీషులోకి రాయించుకుంటున్నారా? శాంపిల్ చూసి డబ్బు కట్టేయకండి

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, వ్యవసాయ ఎన్జీవోలు, విత్తన కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. వెబినార్ రికార్డింగ్ ఇస్తే చదవదగ్గ ఇంగ్లీషులో రాసిస్తామని చెప్పే ఒక ఏజెన్సీకి మా సంఘం పని అప్పజెప్పింది. పేరు రాయడం లేదు. ఇలా పనిచేసేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

మేం ఇచ్చింది వరిలో సుడిదోమ మీద ఒక రిటైర్డ్ శాస్త్రవేత్త చేసిన వెబినార్. గంటకు పైగా ప్రసంగం, ఆ తర్వాత రైతుల ప్రశ్నలు. ఒడిశాలో మాతో కలిసి పనిచేసే క్షేత్ర సిబ్బందికి తెలుగు రాదు, వాళ్లకోసమే ఇంగ్లీషు కావాల్సి వచ్చింది. అంటే అందులో రాసింది చూసి పొలంలో మందు కొడతారన్నమాట.

ముందుగా పంపిన శాంపిల్ చాలా బాగుంది. తీరా చూస్తే అది ప్రసంగం మొదట్లో వచ్చే ముక్క: స్వాగతం, వక్త పరిచయం, వరి సాగు గురించి నాలుగు మంచి మాటలు. అందులో తప్పు పోవడానికి ఏముంది? అడ్వాన్స్ కట్టాం.

పూర్తి ఫైలు వచ్చాక ఇంగ్లీషు చదువుతుంటే ఎక్కడా తడబాటు లేదు. ఇబ్బంది అక్కడే ఉంది. మాట్లాడే తెలుగులో ఉండే ‘అన్నమాట’లు, సగంలో ఆగిన వాక్యాలు తీసేసి నున్నగా చేశారు. అది చేయాల్సిన పనే. కానీ అర్థం కాని చోట కూడా ఏదో ఒకటి ఊహించి అంతే నున్నగా రాసేశారు. ‘ఇక్కడ సరిగా వినపడలేదు’ అనే గుర్తు ఫైలు మొత్తంలో ఒక్కటీ లేదు. గంటన్నర జూమ్ ఆడియోలో, అందులోనూ రైతులు పొలం గట్ల మీద నుంచి ఫోన్‌లో మాట్లాడిన దాంట్లో, ప్రతి మాటా స్పష్టంగా వినపడిందంటే నమ్మొచ్చా?

అనుమానం వచ్చి ఆడియో పక్కన పెట్టుకుని చూశాం. అన్నిటికన్నా భయపెట్టింది ఇది. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వాడితే సుడిదోమ తగ్గకపోగా మళ్లీ ఎక్కువవుతుంది, దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. అందుకే ఆయన ‘ఆ మందులు కొట్టొద్దు’ అన్నారు. ఇంగ్లీషులో ‘ఆ మందులు కొట్టవచ్చు’ అని అర్థం వచ్చేలా ఉంది. కొట్టొద్దు, కొట్టొచ్చు. వేగంగా మాట్లాడేటప్పుడు రెంటికీ తేడా ఒక్క హల్లు. ఆటో క్యాప్షన్ దగ్గరే అది మారిపోయి ఉంటుంది. దాన్ని అనువదించిన మనిషి ఆడియో వినలేదని అక్కడే తేలిపోయింది. వినుంటే, తర్వాతి వాక్యంలోనే ‘కొడితే దోమ ఇంకా పెరుగుద్ది’ అని ఆయన చెప్పిన కారణం దొరికేది. ఆ వాక్యాన్నేమో ‘దోమ పెరిగితే కొట్టండి’ అన్నట్టు తిప్పి, ముందు వాక్యానికి అతికించారు.

రెండోది మోతాదు. నీళ్లలో కలిపి కొట్టే పైమెట్రోజిన్ 50 శాతం గుళికల మందు గురించి ఆయన ‘లీటరు నీటికి పాయింట్ ఆరు గ్రాములు’ అన్నారు. ఫైల్లో ‘పాయింట్’ ఎగిరిపోయి లీటరుకి 6 గ్రాములైంది, సరిగ్గా పది రెట్లు. విచిత్రం ఏమిటంటే కొంచెం కిందే ‘ఎకరాకి 120 గ్రాములు’ అని సరిగానే ఉంది. ఎకరాకి 200 లీటర్ల నీళ్లు అని కూడా ఆయనే చెప్పారు. 200ని 0.6తో గుణిస్తే 120 వస్తుంది, 6తో గుణిస్తే 1,200. ఒకే పేజీలో ఒకదానికొకటి పొసగని రెండు అంకెలుంటే రాసినవాళ్లకి, సరిచూసినవాళ్లకి ఎవరికీ కనపడలేదు.

ఇక పదాల సంగతి. దోమ అన్న ప్రతిచోటా ఇంగ్లీషులో మలేరియా తెచ్చే దోమే. సుడిదోమకి బ్రౌన్ ప్లాంట్‌హాపర్ అని రాయాలి. పొట్ట దశ బూటింగ్ స్టేజ్ కావాల్సింది, కడుపు దశ అయింది. దుబ్బు అంటే వరిలో హిల్, వీళ్లు బుష్ అన్నారు. అందుకని ‘దుబ్బుకి ఎన్ని పురుగులు కనపడితే మందు కొట్టాలి’ అన్న లెక్క చదివేవాళ్లకి అర్థం లేకుండా పోయింది. ‘వెయ్యి పది వేసినోళ్లకి అంత భయం లేదు’ అంటే ఎంటీయూ 1010 రకం నాటినవాళ్లకి అని. ఫైల్లో అది వెయ్యిన్ని పది మంది రైతులైంది! ఇది చదివి మా ఆఫీసులో అందరూ నవ్వారు గానీ, మందు మోతాదు చూశాక నవ్వు ఆగిపోయింది.

‘అరబస్తా యూరియా’ని మాత్రం ‘హాఫ్ బ్యాగ్’ అని ఉంచారు. ఇది తప్పు అనలేం, కానీ చాలదు. ఇప్పుడు వచ్చే యూరియా బస్తా 45 కిలోలు. మా వైపు దిగుబడి లెక్క చెప్పే వడ్ల బస్తా 75 కిలోలు. రెండూ ఒకే ఇంగ్లీషు మాటతో వస్తే బయట రాష్ట్రం మనిషికి ఎలా తెలుస్తుంది? పక్కన కిలోలు వేయాలి.

ప్రశ్నల భాగంలో జరిగింది ఇంకో రకం. ఎవరు మాట్లాడుతున్నారో చూపించే పేర్లు తీసేసి మొత్తం ఒకే వ్యాసంలా కలిపేశారు. ఒక రైతు ‘మేం రెండు మందులు కలిపి కొట్టాం, బాగానే తగ్గింది’ అన్నాడు. దానికి శాస్త్రవేత్త ‘అలా కలపకండి, ముందు మొదళ్లు తడిసేలా కొట్టారా లేదా చూసుకోండి’ అని జవాబిచ్చారు. ఫైల్లో రైతు మాట శాస్త్రవేత్త సలహాగా వెళ్లిపోయింది. సుడిదోమ ఉండేది దుబ్బు అడుగున కాబట్టి అసలు చెప్పాల్సింది మొదళ్ల సంగతే. అది చివర్లో ఒక ముక్కగా మిగిలింది.

ఏజెన్సీవాళ్లకి ఫోన్ చేస్తే ‘భాషా దోషాలుంటే చూపించండి సార్, ఒకసారి సరిచేసిస్తాం. టెక్నికల్ విషయాలు మీరే చూసుకోవాలి’ అన్నారు. ఒప్పందంలో ఆ లైను నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో. అలాంటి లైను కనపడితే ధర ఎంత తక్కువైనా ఆగండి.

మీరు ఇచ్చేముందు శాంపిల్ ముక్కని మీరే ఎంచండి. మోతాదులు, ‘వద్దు’లు, రైతుల ప్రశ్నలు కలిసి వచ్చే అయిదు నిమిషాలు ఇవ్వండి. ఇంగ్లీషు కన్నా ముందు సమయం గుర్తులతో తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్ అడగండి. అది ఇవ్వలేమన్నారంటే ఆడియో విననట్టే. వినపడని చోట గుర్తు పెట్టాలని, మాట్లాడినవాళ్ల పేర్లు తీసేయకూడదని పని ఉత్తర్వులో రాయించండి. పురుగులు, రకాలు, దశల పేర్ల పట్టిక మీరే తయారుచేసి ఇస్తే ఇంకా మేలు.

ఫైలు వచ్చాక అంతా చదివే తీరిక లేకపోతే రెండే చూడండి. అంకె ఉన్న ప్రతి వాక్యం, చేయమని గానీ వద్దని గానీ చెప్పే ప్రతి వాక్యం ఆడియోతో పోల్చండి. మాకు దొరికిన ప్రమాదకరమైన తప్పులు దాదాపు అన్నీ ఆ రెండు చోట్లే ఉన్నాయి.

మా ఫైలు ఒడిశాకి పంపలేదు. మిగతా సొమ్ము ఆపేశాం, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమంటే జవాబు లేదు. ఇప్పుడు వ్యవసాయ డిగ్రీ చదివిన ఒకమ్మాయి ఆడియో వింటూ మొదటి నుంచి మళ్లీ రాస్తోంది, అర్థం కానిచోట వక్తకే ఫోన్ చేసి అడుగుతోంది.