చిన్మయి, చార్వి, చిత్రలేఖ: ఇంటిపేరు పక్కన పెట్టి పిలిచి చూస్తే ఏది మేలు?

మా తమ్ముడికి పాప పుట్టింది. రేవతి నక్షత్రం, నాలుగో పాదం. పంచాంగం ప్రకారం పేరు ‘చీ’ అక్షరంతో రావాలి. 21వ రోజు బారసాల పెట్టుకున్నారు. అప్పటికి ఇంట్లో మూడు పేర్లు మిగిలాయి. మా మరదలు చిన్మయి అంది. రేవతి మూడో పాదానికి ‘చా’ కాబట్టి అదీ పర్వాలేదని తమ్ముడు చార్వి అన్నాడు. మా అమ్మకు చిత్రలేఖ మీద మనసు. ఉషాదేవికి కలలో కనిపించిన అనిరుద్ధుణ్ణి బొమ్మ గీసి చూపించిన నేర్పరి పేరు అని ఆమె ముచ్చట.

మేనత్తను కాబట్టి నా మాట అడిగారు. నేను పందొమ్మిదేళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. రోజూ పొద్దున్నే హాజరు పిలిచేదాన్ని కాబట్టి పేరు అందంగా ఉందా, అర్థం బాగుందా అన్నవి నాకు రెండో వరస ప్రశ్నలు. ఇంటిపేరు అక్షరంతో కలిపి గట్టిగా పిలిస్తే ఎలా వినిపిస్తుందన్నది మొదటిది.

మా ఇంటిపేరు ‘ప’తో మొదలవుతుంది. బడి రిజిస్టర్లో పాప పేరు ‘పి. చిన్మయి’ అవుతుంది. కాగితం మీద మధ్యలో చుక్క ఉంటుంది, నోట్లో ఉండదు. నలభై మంది పేర్లు గబగబా చదివే టీచర్ ‘పిచిన్మయి’ అనే అంటుంది. మొదటి రెండు అక్షరాలు వినగానే పిల్లల చెవిలో పడే మాట ‘పిచ్చి’. నేను ఈ మాట చెప్పినప్పుడు మా మరదలు ముఖం చిన్నబోయింది. “వదినా, అంత దూరం ఎవరాలోచిస్తారు?” అంది. పక్కింట్లో మూడో తరగతి బాబును పిలిచి, పేరు మాత్రమే చెప్పి, దీన్ని ఎగతాళిగా ఎలా పిలుస్తారో చెప్పమన్నాను. ముందు ‘చిన్మయి’ ఒక్కటే చెబితే వాడికి ఏమీ తోచలేదు. ‘పి. చిన్మయి’ అన్నాక క్షణం కూడా పట్టలేదు.

పేరు ఖాయం చేసే ముందు నేను అందరికీ చెప్పే పరీక్ష ఇదే. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య పిల్లల్ని అడగాలి. పెద్దవాళ్లు అర్థం వెతుకుతారు, పిల్లలు ధ్వని వింటారు. మనం పది రోజులు ఆలోచించినా పట్టుకోలేనిది వాళ్లు ఒక్కసారి వింటే పట్టేస్తారు. పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. ఇనీషియల్ కలిపి, వేగంగా, ఐదారుసార్లు పలికి వినిపించాలి.

ఇనీషియల్ గొడవ మా ‘పి’కి మాత్రమే ఉన్నది కాదు. ఇంటిపేరు ‘బి’ అయితే క్షమ అనే చక్కటి పేరు ‘బిక్షమ’ అవుతుంది. మన ఊళ్లలో పిల్లలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకూడదని బిచ్చమ్మ, పెంటయ్య అని కావాలనే పెట్టుకున్న కాలం ఉంది. అవి ప్రేమతో, భయంతో పెట్టిన పేర్లు. క్షమ అని పెట్టిన తల్లిదండ్రులు అనుకున్నది మాత్రం అది కాదు కదా. ఇంటిపేరు ‘వి’ అయితే చిత్ర ‘విచిత్ర’ అవుతుంది. పేరులో రెండు మాటలు ఉంటే ఇంగ్లీషు అక్షరాలు కూడా చూసుకోవాలి. ఇంటిపేరు A, పేరు సాయి సూర్య అనుకోండి, రెండు మాటలనూ పొడి అక్షరాలుగా రాసే చోట A.S.S. అని వస్తుంది. హైస్కూలుకు వచ్చిన పిల్లలకు ఆ మాట అర్థం తెలుసు.

ఇక చార్వి. ఇనీషియల్ పరీక్షలో ఇది హాయిగా గట్టెక్కింది. ‘పి. చార్వి’ని ఎంత వేగంగా పలికినా చెడ్డ మాటేదీ పుట్టలేదు. చిక్కు ముద్దుపేరు దగ్గర వచ్చింది.

తెలుగులో పేరు కుదించే పద్ధతి మనకు తెలియకుండానే నడుస్తుంది. మొదటి అక్షరం పట్టుకుని, తర్వాతి హల్లును ఒత్తి లేదా తేల్చి, చివర ‘ఉ’ కానీ ‘ఇ’ కానీ చేరుస్తాం. విజయ విజ్జి అవుతుంది, పద్మ పద్దు అవుతుంది, సత్యనారాయణ సత్తి అవుతాడు. ఏ పేరునైనా ఈ అచ్చులో పోసి చూస్తే రేపు ఇంట్లో, వీధిలో ఏమని పిలుస్తారో ఈ రోజే తెలిసిపోతుంది. తన్విని పోస్తే ‘తన్ను’ వస్తుంది. మన్విత నుంచి ‘మన్ను’ వస్తుంది. చేతన్‌కు ‘చెత్తు’, అక్కణ్నుంచి ‘చెత్త’ ఒక్క అడుగే. లావణ్య సంగతి నేను తరగతిలో చూశాను. బొద్దుగా ఉన్న పిల్ల, తోటివాళ్లు లావు అనే పిలిచేవారు. పేరులోనే ఉంది కదా అన్నది వాళ్ల వాదన. ఆ పాప మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం మానేసింది. వాళ్లమ్మను పిలిపించి మాట్లాడేదాకా నాకు కారణం తెలియలేదు. అప్పటినుంచే నేను ముద్దుపేరు గురించి ఇంత పట్టుబడుతున్నాను.

చార్విని అదే అచ్చులో పోస్తే ‘చారు’ వస్తుంది. సంస్కృతంలో చారు అంటే అందమైనది. పేర్ల పుస్తకంలో కూడా అదే రాసి ఉంటుంది. కానీ తెలుగింట్లో చారు అంటే పొయ్యి మీద మరిగేది. మిరియాల చారు, టమాటా చారు, పప్పుచారు అని పిల్లలు వరసగా పాడతారు. పిచ్చి అన్నంత గాయం చేసే మాట కాదిది, ఒప్పుకుంటాను. అయితే దీన్ని ఎవరూ కల్పించనక్కర్లేదు. ఇంట్లో వాళ్లే ప్రేమగా అలా పిలవడం మొదలుపెడతారు, బడికి మనమే అందించినట్టు అవుతుంది.

చిత్రలేఖ మీద మా అమ్మకు నచ్చజెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ‘పి. చిత్రలేఖ’లోనూ ‘పిచి’ ఉంది. ముద్దుపేరు ఎలాగూ చిత్ర అవుతుంది. ‘పిచిత్ర’కూ ‘విచిత్ర’కూ ఒక్క హల్లే తేడా. రెండు పరీక్షల్లోనూ చిక్కే. లేఖ అని పిలుచుకుందాం అంది అమ్మ. కానీ పేరు తోకతో పిలవడం ఇంట్లో సాగుతుంది గానీ బయటివాళ్లు తల దగ్గరే తుంచుతారు.

ప్రాస సంగతికి వస్తే, దాన్ని నేను అన్నిటికన్నా తక్కువగా లెక్కపెడతాను. రక్షితను రాక్షసి అంటారు, మేఘనను మేక అంటారు, దయను దయ్యం అంటారు, నక్షత్రను నక్క అంటారు. ప్రాస దొరకని పేరు తెలుగులో వెతికినా కనబడదు. నేను చూసినంతలో ఈ ఏడిపింపు రెండో తరగతిలో మొదలై ఆరేడు తరగతులకు చల్లారిపోతుంది. ముద్దుపేరు అలా పోదు, పెళ్లయ్యాక కూడా వెంట ఉంటుంది. ప్రాస కోసమే మంచి పేరు వదులుకోమని నేను చెప్పను. ఆ ప్రాసమాట కుటుంబంలో అప్పటికే నొప్పి ఉన్న విషయానికి తగిలేదైతే మాత్రం మానుకోవాలి.

విదేశంలో పెంచబోయేవాళ్లకు ఒక మాట. హర్షిత్, రక్షిత్, అక్షిత్ మనకు నిండైన పేర్లు. స్క్రీన్ మీద Harshit అని పడినప్పుడు చివరి నాలుగు అక్షరాలు అక్కడి పిల్లలకు బూతు. మనవాళ్ల అలవాటు ప్రకారం చివర h చేర్చినా అది దాగదు. అలాంటివాళ్లు హర్ష దగ్గర ఆగడం మంచిది.

చివరికి చిన్మయి, చార్వి మిగిలాయి. చిన్మయి ముద్దుపేరు చిన్ని. అంతకంటే మంచిది నాకు తోచదు. చిక్కల్లా ఇనీషియల్ దగ్గరే. చార్వికి ఇనీషియల్ శుభ్రంగా ఉంది, చిక్కు పేరు లోపల ఉంది. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య అతుకు దగ్గర వచ్చిన చిక్కును కాగితం మీద సరిచేయొచ్చు. పేరు లోపల ఉన్న చిక్కును పేరు మారిస్తే తప్ప తీయలేం. అందుకే నేను చిన్మయి వైపు మొగ్గాను. సరిచేయడం కుదరని ఇంట్లో అయితే చార్వినే ఎంచేదాన్ని. పిచ్చి అనిపించుకోవడం కన్నా చారు అనిపించుకోవడం చాలా నయం.

సరిచేయడానికి తమ్ముడు మూడు దారులు చెప్పాడు. ఇనీషియల్‌ను పేరు తర్వాత రాయించడం మొదటిది. అది మన చేతుల్లో లేదు, ఒక్కో బడి ఒక్కోలా రాస్తుంది. ఇంటిపేరు పూర్తిగా రాయించడం రెండోది. పాస్‌పోర్టులో ఎలాగూ విప్పే రాయాలి, కానీ హాజరు పట్టీలో మళ్లీ కుదించేస్తారు. మూడోది ముందు ‘శ్రీ’ చేర్చడం. ‘పి. శ్రీచిన్మయి’ అంటే ‘పి’కీ ‘చి’కీ మధ్య అడ్డం పడుతుంది. పలికి చూశాం. పక్కింటి బాబుతో కూడా పలికించాం, ఈసారి వాడికి ఏమీ దొరకలేదు. అయితే శ్రీని విడి మాటగా రాయకూడదు. విడిగా రాస్తే ఒక చోట ‘పి. ఎస్. చిన్మయి’ అవుతుంది, ఇంకో చోట శ్రీ రాలిపోయి పాత ‘పి. చిన్మయి’ తిరిగొస్తుంది. ఒకే మాటగా కలిపి రాయాలి.

శ్రీ ముందుకొస్తే నక్షత్రాక్షరం పోతుంది కదా అని అమ్మ బాధపడింది. బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద బంగారు ఉంగరంతో తమ్ముడు ‘చిన్మయి’ అనే రాశాడు. నేను పాప చెవిలో ఆ పేరే మూడుసార్లు చెప్పాను. కాగితాల్లో శ్రీచిన్మయి అనుకున్నాం.

కాగితాలకు తొందరపడక్కర్లేదని కూడా చెప్పాను. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, అప్పుడే పేరు ఇవ్వాలని లేదు. నమోదైన నాటి నుంచి 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. ఒకసారి ఎక్కిన పేరును మార్చడమే కష్టం. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. అందుకని మూడు నెలలు ఇంట్లో అందరం ఆ పేరుతోనే పిలిచాం. మా అమ్మ చిన్ని అంది, మరదలు చిన్ను అంది. పనికిరాని కుదింపు ఎవరి నోటా రాలేదు. నాలుగో నెలలో తమ్ముడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి దరఖాస్తులో SRICHINMAYI అని ఖాళీ లేకుండా రాసి ఇచ్చాడు. ఫోటో తీసి నాకు పంపాడు. అక్షరం అక్షరం సరిచూసి, సరే ఇచ్చెయ్యమన్నాను.