రద్దీయా, రొదా? మూడేళ్లుగా నేను చదువుతున్న ఐదు వరుసలు

చిక్కడపల్లి దగ్గర ఓ స్టడీ హాలుకి నెట్‌వర్క్ చూసేది నేనే. కింద అరవై సీట్ల హాలు, పైన మూడంతస్తుల హాస్టల్, చుట్టూ అలాంటివే ఇంకో అరడజను. గ్రూప్స్‌కి చదివే పిల్లలకి క్లాసు వీడియో ఆగిందంటే నాకు ఫోను వచ్చేస్తుంది. "అన్నా, నెట్ పోయింది" అంటారు. నెట్ ఎప్పుడూ పోదు. లైను బాగానే ఉంటుంది, గాలిలోనే ఏదో అడ్డం పడుతుంది. ఆ అడ్డం పడ్డది జనమా, ఇంకేదైనానా అని తేల్చుకోవడానికి మూడేళ్లుగా ఒకే పద్ధతి వాడుతున్నాను. అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ నన్ను బోల్తా కొట్టించిందో రాస్తున్నాను.

వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ డబ్బా పాతదే. ఆథరోస్ చిప్, లోపల ఓపెన్‌వర్ట్ అనే లైనక్స్. ఇక్కడ చెప్పేదంతా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సంగతి. లాగిన్ అయి ఇది కొడతాను:

```
iw dev phy1-ap0 survey dump | grep -A5 'in use'
```

ఛానల్ ఫ్రీక్వెన్సీ చెప్పే వరుస కింద వచ్చేవి ఐదు వరుసలు. వాటిలో మొదటిది `noise`. దాన్ని నేను పట్టించుకోవడం మానేశాను. గొడవ ఉన్నప్పుడూ లేనప్పుడూ నాకు -95 దగ్గరే కనిపిస్తుంది. మిగతా నాలుగూ మిల్లీసెకన్లు. `channel active time` అంటే రేడియో ఈ ఛానల్‌ మీద వింటూ గడిపిన కాలం, `channel busy time` అంటే అందులో గాలి ఖాళీగా లేని కాలం. `channel receive time` గాలిలో పోయే డేటా మూటలు, అంటే వైఫై ఫ్రేములు, విన్న కాలం, అవి మనవైనా పక్కింటివైనా. `channel transmit time` మన డబ్బా తానే మాట్లాడిన కాలం.

ఇవన్నీ పెరుగుతూ పోయే మీటర్లు, కరెంటు మీటరులాగే. ఒకసారి చూస్తే ఏమీ తెలియదు. నిమిషం తేడాతో రెండుసార్లు చదివి తీసివేయాలి. ఆ తర్వాత నేను చేసే లెక్క ఒక్కటే: బిజీలోంచి రిసీవునీ ట్రాన్స్‌మిట్‌నీ తీసేస్తే ఎంత మిగిలింది? ఆ మిగులే అసలు కబురు. గాలిలో శక్తి ఉంది, కానీ అది వైఫై భాష కాదు అని అర్థం. దూరంగా ఎక్కడో పలికి సగం విరిగిన వైఫై ఫ్రేములు కూడా కొన్ని ఇందులో పడతాయి కాబట్టి మిగులు సున్నా కావడం నేనెప్పుడూ చూడలేదు. రెండు మూడు శాతం ఉంటే దాన్ని సున్నా కిందే లెక్కేస్తాను.

రెండో కమాండు `iw dev phy1-ap0 station dump`. ఇందులో ఒక్కో ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ `signal`, `tx packets`, `tx retries` ఉంటాయి. రిట్రై అంటే అవతలికి అందక మళ్లీ పంపాల్సి రావడం. ఇక్కడా రెండు రీడింగుల తేడాయే చూడాలి. ఒక జాగ్రత్త: ఫోను తెగి మళ్లీ కలిస్తే దాని లెక్క మొదటికొస్తుంది. తీసివేతలో మైనస్ వస్తే కంగారు పడక్కర్లేదు.

మొదటి ఏడాదే తగిలిన కేసు చెబుతాను. అప్పుడు మేం ఛానల్ 11లో ఉన్నాం. ఫిర్యాదులన్నీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు మధ్యన. భోజనాల వేళ అందరూ ఫోన్లు పట్టుకుంటారు కదా, రద్దీ అనుకున్నాను. ఓనరు కూడా అదే అన్నాడు, ఇంకో యాక్సెస్ పాయింట్ కొందామన్నాడు. కొనే ముందు రెండు పూటలా ఒక్కో నిమిషం రీడింగు తీశాను.

రాత్రి ఎనిమిదింటికి 60,000 మిల్లీసెకన్లలో బిజీ 47,400, అంటే 79 శాతం. రిసీవ్ 39,000, ట్రాన్స్‌మిట్ 6,600. మిగులు 1,800, అంటే 3 శాతం. మధ్య బల్ల దగ్గరున్న ఓ ల్యాప్‌టాప్‌కి 4,200 ప్యాకెట్లు వెళ్తే 590 రిట్రైలు, 14 శాతం.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటా పావుకి బిజీ 31,200 మాత్రమే, 52 శాతం. రిసీవ్ 7,200, ట్రాన్స్‌మిట్ 4,800. మిగులు 19,200! అదే బల్ల, అదే ల్యాప్‌టాప్, సిగ్నల్ -48. ప్యాకెట్లు 3,100, రిట్రైలు 1,950. అంటే 63 శాతం.

రాత్రి 79 శాతం నిండినా పిల్లలు సణుక్కుంటూ అయినా వీడియో చూస్తున్నారు. మధ్యాహ్నం 52 శాతానికే చేతులెత్తేశారు. రాత్రి ఉన్నది రద్దీ. మాట్లాడేవాళ్లంతా వైఫై వాళ్లే, ఒకరు ఆగితే ఇంకొకరు మొదలుపెడతారు, ఆలస్యమైనా మాట చేరుతుంది. అప్పుడప్పుడు ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి గుద్దుకుంటారు, ఆ 14 శాతంలో కొంత అదే. మధ్యాహ్నం వచ్చినవాడికి వంతు తెలియదు. నోరు తెరిచాడంటే మధ్యలో ఉన్న ఫ్రేము ఖరాబే. అందుకే పక్కనే కూర్చున్న ల్యాప్‌టాప్‌కి కూడా రిట్రైలు అన్నేసి. ఇక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ పెడితే ఒరిగేదేమీ లేదు.

వాడెవడో పట్టుకోవడానికి నిమిషానికి బదులు సెకనుకోసారి చదివాను. మిగులు ఒక్కసారిగా 48 దగ్గరికి ఎగబాకి, నలభై సెకన్లు అక్కడే ఉండి, టక్కున పడిపోయింది. నలభై సెకన్లు 48 శాతం చొప్పున అంటే 19.2 సెకన్లు, నిమిషం లెక్కతో సరిపోయింది. సగానికి దగ్గరగా ఆగడం చూడగానే మైక్రోవేవ్ ఓవెన్ అనిపించింది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఓవెన్‌లో మాగ్నెట్రాన్ మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సగంలోనే పలుకుతుంది. 20 మిల్లీసెకన్లలో సుమారు పది పలికి, పది ఊరుకుంటుంది. ఇన్వర్టర్ రకం ఓవెన్లు వేరేగా ఉంటాయి, వాటికి ఈ సగం గుర్తు పనికిరాదు. వెళ్లి చూస్తే గోడకి అవతల హాస్టల్ డైనింగులో, సరిగ్గా మా డబ్బా వెనకాల ఓవెన్. చల్లారిన అన్నం వేడిచేసుకోవడానికి క్యూ.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఓనరుకి చెప్పి ఓవెన్‌ని డైనింగు అవతలి మూలకి జరిపించాను. మర్నాడు మిగులు 9 శాతం. అయిపోయిందనుకుని ఇంటికి పోయాను. సాయంత్రానికి మళ్లీ ఫోన్లు. రిట్రైలు చూస్తే ఇంకా 40 శాతం దగ్గరే ఉన్నాయి! వారం రోజులు డ్రైవరులో తప్పుందనుకున్నాను.

తప్పు నా అవగాహనది. రేడియోకి రెండు రకాల చెవులు. వైఫై ఫ్రేము మొదలవుతున్న ధ్వని అయితే -82 డీబీఎం అంత సన్నగా వచ్చినా గుర్తుపట్టి "బిజీ" అంటుంది. తనకి తెలియని భాష అయితే 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో సుమారు -62 దాటితే గానీ లెక్కలోకి తీసుకోదు. ఇరవై డెసిబెల్స్ తేడా అంటే వంద రెట్లు. ఓవెన్ దూరం జరగడంతో దాని రొద చాలావరకు ఆ గీత కిందకి దిగింది. మా డబ్బా దృష్టిలో గాలి ఖాళీ, కాబట్టి ధైర్యంగా పంపేస్తుంది. ఓవెన్‌కి దగ్గర బల్లల మీదున్న ల్యాప్‌టాప్‌లకి మాత్రం ఆ రొద ఇంకా గట్టిగానే వినిపిస్తోంది, ఫ్రేము అక్కడ పాడవుతోంది. యుటిలైజేషన్, అంటే ఆ బిజీ శాతం, చెప్పేది యాక్సెస్ పాయింట్ చెవికి వినిపించిందే. రిట్రై చెప్పేది అవతలివాడికి మాట అందిందా లేదా అని. అప్పట్నుంచి ఒకటి చూసి రెండోది చూడకుండా లేవను.

చివరికి ఛానల్ 11 వదిలి 1కి వెళ్లాం. ఓవెన్లు ఎక్కువగా 2450 మెగాహెర్ట్జ్‌కి అటూ ఇటూ పలుకుతాయి, 11 నడిమధ్య 2462, ఒకటోది 2412. మధ్యాహ్నం రిట్రైలు 17 శాతానికి దిగాయి. బదులుగా రాత్రి రద్దీ ఇంకాస్త పెరిగింది, ఎందుకంటే పక్క హాస్టళ్లు సగం ఒకటిలోనే ఉన్నాయి. దానికి మందు వేరే. మేము నాలుగు పేర్లతో వైఫై నడిపేవాళ్లం, ఒక్కో పేరునీ డబ్బా చాటుకునే బీకన్లు అప్పుడు 1 మెగాబిట్ వేగంలో పోయేవి. 300 బైట్ల బీకన్‌కి 2.6 మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతి 102.4 మిల్లీసెకన్లకి ఒకటి. అంటే ఒక్కో పేరుకి రెండున్నర శాతం, ఎవరూ ఏమీ చూడకపోయినా. నాలుగింటికి పది శాతం ఊరికే పోతోంది. రెండు పేర్లు తీసేసి, ఆ 1 మెగాబిట్ లాంటి పాత 11బి వేగాలు ఆపేశాను. ల్యాప్‌టాప్‌లని 5 గిగాహెర్ట్జ్‌కి మళ్లించాను. పక్కవాళ్ల బీకన్లని మనమేం చేయలేం.

ఈ పద్ధతి మీద నా ఫిర్యాదులూ ఉన్నాయి. రిట్రై ఎక్కువగా కనిపించిన ప్రతిసారీ బయటివాడిని వెతకడం తప్పు. మూల సీటులో ఓ అబ్బాయి ఫోనుకి 35 శాతం వచ్చేది. బిజీ 20, మిగులు 2. సిగ్నల్ చూస్తే -79. అది దూరం, అంతే. అందరికీ పెరిగితేనే గాలి మీద అనుమానం. పైగా రేటు ఎంచుకునే మిన్‌స్ట్రెల్ అప్పుడప్పుడు పై వేగాలు ప్రయత్నించి చూస్తుంది, ఆ తప్పటడుగులూ రిట్రై కిందే పడతాయి. పది లోపు ఉంటే నేను తల ఎత్తను.

ఇంకొకటి: ఈ లెక్క డబ్బా నుంచి ఫోనుకి వెళ్లేదాని గురించే. ఫోను పైకి పంపేటప్పుడు ఎన్నిసార్లు తిప్పలు పడిందో దీనిలో కనిపించదు. దానికి ఇంకో ల్యాప్‌టాప్‌ని గాలిలో పోయేదంతా వినే మానిటర్ మోడ్‌లో పెట్టి, వైర్‌షార్క్‌లో `wlan.fc.retry == 1` అని వడపోయాలి. డ్రైవరుకో తీరు లెక్కేస్తుంది కాబట్టి ఒక డబ్బా అంకెల్ని ఇంకో డబ్బా అంకెలతో పోల్చకండి. నిన్నటి తన అంకెలతోనే పోల్చాలి. మీడియాటెక్ చిప్‌లలో కొన్నిటికి `channel BSS receive time` అని అదనపు వరుస వస్తుంది. మనవాళ్ల ఫ్రేములెన్ని, పక్కింటివెన్ని అని విడదీసి చెప్పే ఆ వరుస నాకు లేదనే కడుపుమంట ఇప్పటికీ ఉంది.

ఇంకోచోట ఖరీదైన కంట్రోలర్ చూశాను. అందంగా గీతలు గీసి "యుటిలైజేషన్ 52%" అని ఒక్క అంకె చూపిస్తుంది, అదీ ఐదు నిమిషాల సగటు. నలభై సెకన్ల ఓవెన్ అందులో కలిసిపోతే ఇక వెతకలేం.

పోయిన నెల నుంచి కొత్త బెడద మొదలైంది. మిగులు పగలూ రాత్రీ కదలకుండా 22 శాతం. ఓవెన్ కాదు, ఓవెన్ రాత్రి రెండింటికి పలకదు. మొన్న సాయంత్రం కరెంటు పోయింది. మా డబ్బా, హాస్టలూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి. గబగబా కమాండు కొట్టి చూస్తే మిగులు 2. కరెంటు వచ్చిన నిమిషానికి మళ్లీ 22. అంటే హాస్టల్‌ది కాదు, ఇన్వర్టర్ లేనివాడిది. ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకీ, దాని పక్క టైలరుకీ ఇన్వర్టర్ లేదు. జిరాక్స్ షాపులో ఈ మధ్యే వైరు లేని కెమెరా ఒకటి పెట్టారు. రేపు వెళ్లి రెండు నిమిషాలు ఆపమని అడగాలి.