ఎక్స్ఛేంజి ట్యాక్స్ రిపోర్టా, సొంత ఫిఫో షీటా? మూడు రిటర్నుల వాడకం తర్వాత

క్రిప్టో అమ్మకాల పన్ను లెక్కకి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మూడు ఆర్థిక సంవత్సరాలు వాడాం. ఒకటి ఎక్స్ఛేంజి యాప్ నుంచి దింపుకునే రెడీమేడ్ ట్యాక్స్ రిపోర్టు. రెండోది ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్కగట్టే సొంత స్ప్రెడ్‌షీటు, అంటే ఫిఫో షీటు. ఒక్క ఎక్స్ఛేంజిలోనే కొని, అక్కడే రూపాయల్లోకి అమ్మేసే వాళ్ళకి రిపోర్టు సరిపోతుంది. ఒకే కాయిన్‌ను వేర్వేరు రేట్లకి నాలుగైదు సార్లు కొని కొంచెం కొంచెంగా అమ్మేవాళ్ళు మాత్రం రిపోర్టులోని చివరి అంకెను అలాగే రిటర్నులోకి ఎక్కించకూడదు. ఎందుకో ఒక్క అమ్మకం తీసుకుని చూస్తే అర్థమవుతుంది.

మూడు విడతల్లో ఈథర్ కొన్నారనుకోండి. మొదట 0.40, యూనిట్ 1,50,000 చొప్పున, 60,000 రూపాయలు. తర్వాత 0.50, యూనిట్ 2,40,000 చొప్పున, 1,20,000. ఆ తర్వాత రేటు దిగినప్పుడు 0.30, యూనిట్ 1,80,000 చొప్పున, 54,000. మొత్తం 1.20 ఈథర్, ఖర్చు 2,34,000, సగటు రేటు 1,95,000. ఇందులోంచి 0.60ని 2,10,000 రేటుకి అమ్మారు. చేతికి రావలసిన ప్రతిఫలం 1,26,000.

సగటు ధర పట్టుకునే రిపోర్టు ఈ 0.60 ఖర్చును 1,17,000 అని చూపి లాభం 9,000 అంటుంది. ఫిఫోలో మాత్రం మొదటి లాటు, అంటే మొదటి విడతలో కొన్న 0.40, పూర్తిగా పోతుంది: అమ్మకం 84,000, ఖర్చు 60,000, లాభం 24,000. మిగిలిన 0.20 రెండో లాటులోంచి వస్తుంది: అమ్మకం 42,000, ఖర్చు 48,000, నష్టం 6,000. రెండూ కలిపితే 18,000. కలపకపోతే 24,000. ఒకటే అమ్మకం, మూడు అంకెలు. 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు వేస్తే వరుసగా 2,808, 5,616, 7,488 రూపాయలు.

షేర్ల లెక్క చేసి అలవాటైన వాళ్ళు ఇక్కడే పొరపడతారు. షేర్లలో ఏ పద్ధతి పట్టినా మొత్తం అమ్మేసరికి లాభనష్టాల నికరం ఒక్కటే అవుతుంది, ఏ సంవత్సరంలో పడుతుందన్నదే తేడా. క్రిప్టోలో అలా కుదరదు. 2022 ఫైనాన్స్ చట్టం తెచ్చిన 115బీబీహెచ్ సెక్షన్ కొన్న ధర తప్ప మరే ఖర్చునూ ఒప్పుకోదు. నష్టాన్ని దేనితోనూ సర్దుబాటు చేయనివ్వదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళనివ్వదు. మొదటి బిల్లులో ఆ నష్టాన్ని 'ఇతర' నిబంధనల కింద వచ్చే ఆదాయంతో సర్దుబాటు చేయకూడదని ఉండేది. దాన్ని చదివి, క్రిప్టో నష్టాన్ని క్రిప్టో లాభంతో కలపొచ్చని చాలామంది ఆశపడ్డారు. బిల్లు పాసయ్యేలోపు ఆ 'ఇతర' అన్న మాటనే తీసేశారు. ఒక్క మాట పోవడంతో ప్రతి నష్టం ఎక్కడికక్కడ సున్నా అయిపోయింది. అందుకే లాట్లను ఎలా జతచేశారన్నది ఇక్కడ పన్ను ఎప్పుడు కట్టాలన్న ప్రశ్న కాదు, ఎంత కట్టాలన్న ప్రశ్న.

మరి 18,000 రాయాలా, 24,000 రాయాలా? లాట్లను జతచేసే పద్ధతిని చట్టం క్రిప్టోకి ప్రత్యేకంగా చెప్పలేదు. డీమ్యాట్ షేర్లకి ఫిఫో తప్పనిసరి చేసిన నిబంధన ఉంది గానీ అది వాటికే. అయితే రిటర్నులో క్రిప్టో అమ్మకాలు నింపే షెడ్యూల్ వీడీఏ వరుసను చూడండి: కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, ప్రతిఫలం, ఆదాయం. నష్టమైతే ఆదాయం దగ్గర సున్నా. ఒక వరుసలో కొన్న తేదీ ఒక్కటే పడుతుంది. రెండు లాట్లలోంచి వెళ్ళిన అమ్మకాన్ని నిజాయితీగా నింపాలంటే రెండు వరుసలు కావాలి, రెండో వరుసలో 6,000 నష్టం సున్నా కావాలి. ఒకే ఆర్డర్ కాబట్టి ఒకే బదిలీ, అందుకే 18,000 అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనలో పస లేదనలేం. కానీ 1,872 రూపాయల తేడా కోసం వివరణలు రాసుకుంటూ కూర్చునే పని మాకు లాభసాటిగా అనిపించలేదు. మా షీటు 24,000 అనే చెబుతుంది.

షీటు నిర్మాణం చాలా చిన్నది. ఒక్కో కాయిన్‌కి ఒక్కో ట్యాబు. కొనుగోళ్ళు నిలువుగా, అమ్మకాలు అడ్డంగా. ప్రతి కొనుగోలు పక్కన C గడిలో అంతకుముందు కొన్న మొత్తం పరిమాణం, D గడిలో దీనితో కలిపిన మొత్తం ఉంటాయి. ప్రతి అమ్మకం పైన మూడో వరుసలో అంతకుముందు అమ్మిన మొత్తం, నాలుగో వరుసలో దీనితో కలిపిన మొత్తం. కొనుగోళ్ళు ఐదో వరుస నుంచి, అమ్మకాలు F నిలువు వరుస నుంచి మొదలైతే, ఏ లాటులోంచి ఏ అమ్మకానికి ఎంత వెళ్ళిందో ఈ సూత్రం చెబుతుంది:

```
=MAX(0, MIN($D5,F$4)-MAX($C5,F$3))
```

పై ఉదాహరణలో రెండో లాటుకి C 0.40, D 0.90. అమ్మకానికి F3 సున్నా, F4 0.60. సూత్రం 0.20 ఇస్తుంది. దీన్ని గడులన్నిటికీ లాగితే చాలు. తర్వాత సున్నా కాని ప్రతి గడీ షెడ్యూల్లో ఒక వరుస అవుతుంది.

ఈ సూత్రానికి ఒక గుడ్డితనం ఉంది. దానికి తేదీలు తెలియవు. ఏదైనా కొనుగోలు నమోదు చేయడం మరిచిపోతే, మార్చిలో అమ్మినదానికి మేలో కొన్న లాటును నిశ్శబ్దంగా అంటగట్టేస్తుంది. కాబట్టి జత కుదిరిన ప్రతి గడిలోనూ కొన్న తేదీ అమ్మిన తేదీ కంటే ముందుందో లేదో చూసే షరతు ఒకటి పెట్టుకోవాలి. ఎర్రగా వెలిగిందంటే ఒక కొనుగోలు తప్పిపోయినట్టే.

రిపోర్టులో ఎక్కువగా కనబడే లోపం కూడా ఇలాంటిదే, మరింత ఖరీదైనది. ఒక చోట కొన్న కాయిన్‌ను సొంత వాలెట్‌కో మరో ఎక్స్ఛేంజికో పంపితే అది అమ్మకం కాదు. కానీ అందుకున్న ఎక్స్ఛేంజికి మీరు ఎంతకి కొన్నారో తెలియదు. అక్కడ అమ్మితే, కొన్న ధర సున్నా అని వేసి మొత్తం ప్రతిఫలాన్నే లాభంగా చూపిస్తుంది. రిపోర్టు తెరవగానే కొన్న ధర గడుల్లో సున్నా ఉన్న వరుసలు వెతకండి. ఉచితంగా వచ్చే ఎయిర్‌డ్రాప్ లాంటివి కాకపోతే, అవన్నీ బయటినుంచి వచ్చిన కాయిన్లే.

ఒక కాయిన్ ఇచ్చి మరో కాయిన్ తీసుకోవడం మాత్రం అమ్మకమే. రూపాయి చేతికి రాకపోయినా అంతే. పై లెక్కలో రెండో లాటులో 0.30 మిగిలింది, ఖర్చు 72,000. ఈథర్ 2,20,000 ఉన్నప్పుడు దాన్ని ఎక్స్ఛేంజిలోనే బిట్‌కాయిన్‌కి మార్చారు. ప్రతిఫలం 66,000, నష్టం 6,000, షెడ్యూల్లో సున్నా. వచ్చిన బిట్‌కాయిన్‌లో ఒక శాతం, అంటే 660 రూపాయల విలువ, టీడీఎస్ కింద కోసుకుంటారు. మిగిలినది 65,340 ఖర్చుతో, మార్చిన రోజు తేదీతో కొత్త లాటు అవుతుంది. పాత 72,000ని కొత్త లాటుకి తగిలించేవాళ్ళున్నారు, అది తప్పు. డాలర్ విలువకి ముడిపడిన యూఎస్‌డీటీ కాయిన్‌తో కొనేవాళ్ళకి ఈ తలనొప్పి రోజూ ఉంటుంది: ప్రతి కొనుగోలూ యూఎస్‌డీటీ అమ్మకం కూడా కాబట్టి దానికో ట్యాబు తప్పదు.

టీడీఎస్ 2022 జులై 1 నుంచి అమల్లో ఉంది. మన మొదటి అమ్మకంలో 1,260 కోశాక, ఎక్స్ఛేంజి ఫీజు కూడా పోయాక బ్యాంకులో పడేది 1,24,740 కంటే తక్కువ. ఆ అంకెను ప్రతిఫలంగా వేయకండి. ప్రతిఫలం 1,26,000. అమ్మకం ఫీజు తగ్గించుకోవడానికి లేదు. 1,260ని పన్ను చివర్లో జమ చేసుకుంటారు: 7,488లోంచి తీసేస్తే కట్టవలసింది 6,228. కొనేటప్పటి ఫీజును ఖర్చులో కలపొచ్చా అన్నదాని మీద రెండు మాటలున్నాయి. మేం కలపం.

ఇదే టీడీఎస్ మంచి తనిఖీగా కూడా పనికొస్తుంది. మీ పేరున కోసిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో, క్రిప్టో టీడీఎస్ సెక్షన్ అయిన 194ఎస్ కింద కనబడే మొత్తాన్ని వందతో గుణిస్తే, షీటులోని ఆ ఏడాది అమ్మకాలకి దాదాపు సరిపోవాలి. 26ఏఎస్ వైపు ఎక్కువ కనిపిస్తే షీటులో ఏదో ట్రేడు లేదు. తక్కువైతే, టీడీఎస్ కోయని విదేశీ వేదిక మీద అమ్మినదేమో చూడాలి. రెండో తనిఖీ ఇంకా సులువు: మిగిలిన లాట్ల మొత్తం పరిమాణం వాలెట్లలో ఉన్నదానికి సమానం కావాలి. ఎనిమిది దశాంశాలూ ఉంచండి. రెండుకి కుదిస్తే ఈ తనిఖీ ఎప్పటికీ కుదరదు.

తేదీల సంగతి చిన్నదే గానీ మార్చి 31న గట్టిగా తగులుతుంది. చాలా ఎక్స్ఛేంజిల ఫైళ్ళలో సమయం యూటీసీలో ఉంటుంది. హైదరాబాద్ గడియారం దానికి అయిదున్నర గంటలు ముందు. ఫైల్లో మార్చి 31 సాయంత్రం 18:30 దాటిన ట్రేడు ఇక్కడ ఏప్రిల్ 1 నాటిది, వచ్చే ఏడాది లెక్కలోది. ఫైలు దింపగానే అయిదున్నర గంటలు కలిపేయాలి.

డల్లాస్‌లో ఉన్న బావ పంపిన క్రిప్టో పన్ను సాఫ్ట్‌వేర్ లింకు హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ వస్తుంది కాబట్టి ఒక మాట. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ 2014 నుంచి క్రిప్టోను ఆస్తిగానే చూస్తున్నా, అక్కడ నష్టం లాభంతో కలుస్తుంది. ఇంకా మిగిలితే ఏటా 3,000 డాలర్ల వరకు జీతం లాంటి ఇతర ఆదాయంలోంచి కూడా పోతుంది. ఆ లెక్కకి కట్టిన సాఫ్ట్‌వేర్ దేశం సెట్టింగు మార్చకపోతే మీ నష్టాలన్నిటినీ హాయిగా కలిపేసి చిన్న అంకె చూపిస్తుంది. మార్చాక కూడా నష్టం వరుసల్లో ఆదాయం సున్నా అవుతోందో లేదో ఒకసారి చూడండి.

షీటు పరిమితులూ చెప్పాలి. కాయిన్‌కి రెండు మూడొందల ట్రేడుల దాకా బాగుంటుంది. అంతకు మించితే గడుల సంఖ్య పెరిగి స్ప్రెడ్‌షీటు నత్తనడక నడుస్తుంది. రోజూ ట్రేడింగ్ చేసేవాళ్ళకి డబ్బు కట్టే సాఫ్ట్‌వేరే దిక్కు. కాయిన్లను లాక్ చేసి ఉంచినందుకు వచ్చే స్టేకింగ్ రాబడిని కూడా ఈ షీటు దానంతట అది పట్టుకోలేదు, వచ్చిన రోజు విలువతో చేత్తో రాయాలి. ఇక ఫారం విషయానికొస్తే, మాదాపూర్ జీతాల వాళ్ళకి అలవాటైన ఐటీఆర్-1లో షెడ్యూల్ వీడీఏ లేదు. ఒక్క అమ్మకం ఉన్నా ఐటీఆర్-2కి, వ్యాపారంగా చూపేవాళ్ళయితే ఐటీఆర్-3కి మారాలి.