ఫ్రీజర్ నుంచి నేరుగా నూనెలోకా, కరిగించాకా: ఏది మేలు?

భీమవరం, కాకినాడ వైపు చాలా ఇళ్ల ఫ్రీజర్‌లో ఇప్పుడు రెండు రకాల రొయ్యల ప్యాకెట్లు కనిపిస్తున్నాయి. ఒకటి పైన బ్రెడ్ పొడి అద్ది ఫ్యాక్టరీలోనే కాస్త వేయించి గడ్డకట్టించినది. రెండోది ఒలిచి, పల్చటి మంచు పూత వేసిన పచ్చి వనామీ. రెండూ రొయ్యలే, రెండూ గడ్డలే. కానీ మొదటిదాన్ని కరిగిస్తే పాడవుతుంది, రెండోదాన్ని కరిగించకపోతే మూకుడు ముందు నిలబడలేం.

ముందు చిటపట సంగతి. నూనె చిందేది సరుకు గడ్డగా ఉన్నందుకు కాదు, దాని పైన విడిగా నీరో మంచుపొడో ఉన్నందుకు. 175 డిగ్రీల నూనెలో పడ్డ నీటిచుక్క ఒక్కసారిగా ఆవిరై, తన పరిమాణానికి వెయ్యి రెట్లకు పైగా వ్యాపిస్తుంది, ఆ విసురుకి నూనె ఎగురుతుంది. లోపలి నీరు మాత్రం పూత గుండా నెమ్మదిగా బుడగలై బయటికొస్తుంది, దానితో అంత భయం లేదు. కాబట్టి మంచుపొడి దులిపేసిన గడ్డ రొయ్య కన్నా, కరిగాక తుడవని రొయ్యే ఎక్కువ చిందిస్తుంది.

బ్రెడ్ పొడి రొయ్యల్ని కరిగిస్తే లోపలి నీరు పూతలోకి దిగుతుంది. పైగా మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో ప్యాకెట్ పది నిమిషాలు గట్టు మీద పెడితే చాలు, చల్లటి సరుకు మీద చెమ్మ పడుతుంది. పూత మెత్తబడి, నూనెలో ఊడిపోయి అడుగున నల్లబడుతుంది. దీన్ని నేరుగా వేయించడమే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే నేరుగా వేస్తే నూనె చల్లబడుతుంది, తేడా కొట్టేది అక్కడే. లీటరు నూనెలో 100 గ్రాముల గడ్డ సరుకు వేశారనుకోండి. అందులో సుమారు 65 గ్రాములు నీరు ఉంటే, ఆ మంచు కరగడానికే నూనె దాదాపు 12 డిగ్రీల వేడిని ఇచ్చుకోవాలి. ఆ తర్వాత వేడెక్కడం, ఆవిరవడం వేరే. 250 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే మామూలు గ్యాస్ పొయ్యి మంట ఆ లోటు వెంటనే పూడ్చలేదు. బుడగలు నీరసంగా వస్తాయి, పూత నూనె పీల్చుకుని బరువెక్కుతుంది. అందుకే ప్యాకెట్‌ని మూడు వాయిలు చేయాలి.

పద్ధతి ఇది. లోతైన మూకుడులో లీటరు నూనె, సగానికి మించకుండా. నూనె 180 దాకా కాగనివ్వండి. థర్మామీటర్ లేకపోతే పొడిగా ఉన్న చెక్క గరిటె కాడ ముంచితే చుట్టూ సన్నటి బుడగలు చురుగ్గా రావాలి. పొగ వచ్చిందంటే దాటిపోయింది. ఒక వాయికి సరిపడా రొయ్యలే ఫ్రీజర్ నుంచి తీసి, జల్లెడలో దులిపి, జల్లిగరిటెలో పెట్టి నూనెలోకి నెమ్మదిగా దించండి. మొదటి అర నిమిషం కదపకూడదు, పూత గట్టిపడాలి. మధ్యరకం రొయ్యకి మూడు, నాలుగు నిమిషాలు పడుతుంది. ఒకటి విరిచి చూడండి: మధ్యలో గాజులా మెరిస్తే ఇంకా ఉడకలేదు, తెల్లగా ఉంటే అయింది. మళ్లీ 180కి వచ్చాకే రెండో వాయి.

సమోసా, కట్లెట్ లాంటి మందపాటివి కూడా నేరుగానే, కానీ 165 దగ్గర, ఎక్కువ సేపు. రొయ్యలకి పెట్టినంత వేడిలో వేస్తే పైన ఎర్రబడి లోపల కూర చల్లగా మిగులుతుంది. అంచు విచ్చుకున్న సమోసాని పక్కన పెట్టేయండి, కూరలోని నీరు నూనెలోకి జారితే అదే పెద్ద చిందు.

పచ్చి వనామీ సంగతి పూర్తిగా వేరు. దాని చుట్టూ ఉన్నదే మంచు పూత, నేరుగా వేస్తే ఆ నీరంతా నూనెలో పేలుతుంది. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. తొందరైతే నీరు చొరకుండా కవరు మూసి చల్లటి నీళ్లలో అరగంట ఉంచండి. గట్టు మీద వదిలేయొద్దు, మన ఎండల్లో లోపల కరిగేలోపు పైన పాడవడం మొదలవుతుంది. నీరు వంచి గుడ్డతో తడి లేకుండా ఒత్తండి. ఉప్పు సరిగ్గా నూనెలో వేయబోయేటప్పుడే కలపాలి, చాలా ముందుగా వేస్తే రొయ్య మళ్లీ నీరు వదులుతుంది. ఇవి రెండు నిమిషాల్లో అయిపోతాయి.

కరెంటు పోయి వచ్చిన ఫ్రీజర్‌లో ప్యాకెట్‌ని చేత్తో తడిమి చూడండి. ముక్కలు విడివిడిగా కదలక ఒకే గడ్డయి, కవరు లోపల మంచుపొడి పేరుకుంటే అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినదే. ఆ రొయ్యల్ని, మాంసాన్ని తినకపోవడమే మంచిది.

ఎంత జాగ్రత్తపడ్డా నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు: పొయ్యి ఆపి, పక్కనే ఉంచుకున్న మూత వేసి, చల్లారేదాకా తీయకండి.