జవాబు రాని ప్రపోజల్: మెయిలా, ఫోనా?

ఒక ప్రైవేటు స్కూలుకు వెబ్‌సైట్ చేసిస్తానని 85,000 రూపాయలకు ప్రపోజల్ పంపాను. వారమైనా జవాబు లేదు. ఇలాంటప్పుడు ముందున్న దారులు రెండు.

ఫోన్ చేస్తే విషయం వెంటనే తెలుస్తుంది. కానీ కరస్పాండెంట్ గారు ఏ మీటింగ్‌లోనో ఉంటారు. ధర ఎక్కువనిపించినా మొహమాటానికి "చూస్తామండీ" అంటారు. ఆ మాటతో మనకు తెలిసేదేమీ లేదు, పైగా మళ్లీ చేయడానికి ఇబ్బంది.

మెయిల్ అయితే ఆయన తీరిక చూసుకుని జవాబిస్తారు. కొత్తగా రాయకుండా పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వాలి, అప్పుడు ప్రపోజల్ వెతుక్కోనక్కర్లేదు. "నా మెయిల్ చూశారా?" అని అడిగితే తప్పు పట్టినట్టుంటుంది. నేను ఇలా రాశాను:

"నమస్తే సర్. అడ్మిషన్లు ఏప్రిల్‌లో మొదలవుతాయన్నారు. పనికి ఐదు వారాలు పడుతుంది కాబట్టి ఫిబ్రవరి 20 లోపు మొదలుపెడితే సరిపోతుంది. ఆన్‌లైన్ ఫీజు భాగం ఇప్పుడే కావాలా, తర్వాత చేద్దామా? అది తీసేస్తే 60,000 అవుతుంది."

ఇందులో గడువు ఆయన అవసరం నుంచి వచ్చింది, నా తొందర నుంచి కాదు. ధర తగ్గితే పనీ తగ్గింది. అడగకుండానే ఊరికే డిస్కౌంట్ ఇస్తే మొదటి ధర మీదే అనుమానం వస్తుంది.

నా ఓటు ముందు మెయిల్‌కే. ఇంకో వారం చూసి, ఉదయం పదకొండు దాటాక ఒక్కసారి ఫోన్ చేస్తాను. ఎదురుగా కూర్చుని మాట్లాడి ఇచ్చిన ప్రపోజల్ అయితే మాత్రం మొదటే ఫోన్ చేయొచ్చు.